గోపాలరావు నడక గ్రూపు వదిలిన రోజు

సుబ్బరాజు పంపిన మూడు వాయిస్ మెసేజ్‌లు పొద్దుటి నుంచీ తెరుచుకోవడం లేదు. నొక్కిన ప్రతిసారీ ఫోనులో చోటు లేదంటోంది. గోపాలరావు పాత స్నేహితుడు సుబ్బరాజు మెల్‌బోర్న్ ఆసుపత్రిలో ఉన్నాడు. మర్నాడు ఉదయం క్యాన్సరు పట్టిన స్వరపేటికను తీసేస్తారు. యాభై ఏళ్లుగా గోపాలరావును అడ్డూ ఆపూ లేకుండా తిట్టిన గొంతు ఇక ఉండదు. ఫోనులో మాట్లాడబోతే దగ్గు తెర ముంచుకొస్తుందని, ఆగి ఆగి రికార్డు చేసి పంపుతున్నాడు.

గోపాలరావు ఫోను పట్టుకుని, సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో తమ పక్కింట్లో ఉండే స్నేహ దగ్గరికి వెళ్లాడు. ఆమెది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచే పని. రెండేళ్ల క్రితం ఆయన చోటు కోసమని వాట్సాప్‌నే తీసేసి, మళ్లీ పెట్టుకుని, బ్యాకప్ లేక పాత మాటలన్నీ పోగొట్టుకున్నాడు. ఆ భయం ఇంకా ఉంది.

స్నేహ సెట్టింగ్స్‌లో ఏ చాట్ ఎంత చోటు తింటోందో చూపించింది. ‘నడక మిత్రులు’ గ్రూపు ఒక్కటే తొమ్మిది జీబీ. అన్నీ శుభోదయాలు, వంటల వీడియోలు. దాని ముందు సుబ్బరాజు చాట్ ఏ మూలకూ రాదు.

"ఒక్క గ్రూపునే తీసేద్దాం అంకుల్. సుబ్బరాజు అంకుల్ చాట్ దేనికదే, టచ్ అవ్వదు. గ్రూపులో ఉండాలంటే క్లియర్ చాట్ కొడితే చాలు."

రేపు మళ్లీ శుభోదయాలతో నిండుతుంది కదా అని గోపాలరావు విసుక్కున్నాడు. ఇంతకాలం వదలనిది మొహమాటం కొద్దీ. బయటికి వస్తే అందరికీ తెలుస్తుందా అని మాత్రం అడిగాడు. నోటీసు అడ్మిన్‌కి మాత్రమే వెళ్తుందని స్నేహ చెప్పింది. అడ్మిన్ ఎవరో ఆయన అడగలేదు, ఆమె చూడలేదు.

ముందు గ్రూపు నుంచి బయటికి వచ్చి, తర్వాత డిలీట్ నొక్కి, గ్యాలరీలోని మీడియా కూడా తీసేయమనే గడిలో టిక్కు పెట్టింది. గోపాలరావు ఊపిరి బిగబట్టాడు. గ్రూపు పోయింది. మిగతా చాట్‌లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సుబ్బరాజు పాత మెసేజ్ ఒకటి పెట్టి విని చూసుకుని, కొత్తవి మూడూ దింపుకున్నాడు. మందుల సంగతి, నర్సు సంగతి, కిటికీలోంచి కనబడే ట్రామ్ సంగతి. వింటూ ఉంటే ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అంతలో నాలుగోది వచ్చింది. గొంతు బాగా బొంగురుపోయింది.

"ఒరేయ్ గోపాలం, నేను పెట్టిన గ్రూపు వదిలేశావుగా. ఇప్పుడే కనబడింది. రేపట్నుంచి నేను తిట్టలేననేగా నీకీ ధైర్యం?"

ఇద్దరూ కలిసి నడిచిన రోజుల్లో ఆ గ్రూపు పెట్టింది సుబ్బరాజేనని, అడ్మిన్ వాడేనని గోపాలరావుకు అప్పుడు గుర్తొచ్చింది. మైకు గుర్తు మీద వేలు పెట్టాడు.

"తిట్టరా," అన్నాడు. "తెల్లారేదాకా తిడుతూనే ఉండు. ఫోన్లో బోలెడు చోటుంది."