ఎడమ చేతి నుంచి కుడి చేతికి

నేను ఒక తోలు పట్టీని. ఒక కొసన ఇత్తడి కొక్కెం, ఇంకో కొసన చెయ్యి దూర్చుకునే మడత. బొబ్బిలి మిల్లు సందులో వాళ్ళు నన్ను కుక్క బెల్టు అంటారు. 2011 జులై పదకొండున పుట్టాను. ఆ మధ్యాహ్నం నన్ను కుట్టిన గురువులు అనే తోలుపనివాడు గిన్నెడు రాగి అంబలి తాగి, కాల్చిన ఎండుచేప నంజుకుని, చేతులు సరిగా కడుక్కోకుండానే సూది పట్టాడు. ఆ చేప వాసన నా కుట్లలో ఉండిపోయింది. నన్ను తొలిసారి మెడకు తగిలించినప్పుడు కుక్కపిల్ల భయపడకుండా నన్ను నాకడం మొదలుపెట్టిందంటే ఆ పుణ్యం ఎండుచేపదే.

నిజానికి అది నా రెండో పుట్టుక. అంతకుముందు నేను ఒక జట్కా గుర్రం తల మీద ఉండేవాణ్ణి. దాని కళ్ళకు రెండు పక్కలా కట్టే గంతలు నాకే కుట్టి ఉండేవి. నిక్షేపంలాంటి కళ్ళున్న జంతువుకు పక్కచూపు లేకుండా చేయడం ఆనాటి నా ఉద్యోగం. దానికి ఎదురుగా ఉన్న రోడ్డు తప్ప మరేమీ కనిపించకూడదని మనుషుల పట్టుదల. జట్కాలు పోయి ఆటోలు వచ్చాక నేను గురువులు దుకాణంలో చూరుకు వేలాడాను. సన్యాసమ్మ గారు వచ్చి, "మా ఆయనకి కుక్కపిల్లని తెచ్చినాను, గట్టి బెల్టొకటి కుట్టు" అనేదాకా అలాగే ఉన్నాను.

ఆమె భర్త లెంక తవిటినాయుడు గారు, సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినాయన. ఉద్యోగమంతా కుక్కలతోనే. మంచులో, ఇసుకలో, పాతిపెట్టిన మందుగుండును ముక్కుతో పసిగట్టే కుక్కల వెంట నడిచారు. ఇంటికి వచ్చాక చేతులు ఊరికే ఉండలేక మంచం కోళ్ళు నిమురుతూ కూర్చుంటున్నారని సన్యాసమ్మ గారే ఊరకుక్క పిల్లనొకదాన్ని చీర కొంగులో వేసుకుని తెచ్చింది. అది మెరుపులా పరిగెత్తుతోందని ఆయన బిజిలీ అని పేరు పెట్టారు. సన్యాసమ్మ గారు పోయి నాలుగేళ్ళయింది. ఆమె తెచ్చినవాటిలో ఇంకా ఊపిరి తీసుకుంటున్నది బిజిలీ ఒక్కటే.

నా బతుకులోని అదృష్టమేమిటంటే, నా ఒక చివర మనిషి చెయ్యి, ఇంకో చివర కుక్క మెడ. ఇద్దరి మనసులూ నా గుండానే పోవాలి. రోజూ పొద్దు మిల్లు గోడ వెనక్కి దిగాక బయలుదేరేవాళ్ళం. అంతకుముందు వెళితే ఎదురెండ బిజిలీ కళ్ళలో కొడుతుంది. సందు మొదట్లో కరెంటు స్తంభం. అక్కడ మెడ కిందికి వంగుతుంది. ఆ రోజు ఆ దారిన పోయిన కుక్కలన్నీ అక్కడ కబుర్లు వదిలి ఉంటాయి. తరువాత కాలువ మీద పరిచిన బండ, దాని మీద పంజా పడితే డొల్లగా మోగుతుంది. ఆ చప్పుడు వినగానే బిజిలీ కొద్దిగా పక్కకు జరుగుతుంది. ఎందుకంటే రెండో బండకు మూల విరిగింది. ఆపైన అదే సందులో ఉండే ఎర్నమ్మ ఇంటి అరుగు, కట్టెల పొయ్యి పొగ. చివరికి వెచ్చటి తవుడు వాసన. మిల్లు వచ్చిందన్నమాట. అక్కణ్ణుంచి వెనక్కి.

పదమూడో ఏట బిజిలీ ఎడమ కన్ను పాలు పోసినట్టు తెల్లబడింది. కుడి కన్నూ మసకే. పశువుల డాక్టరు టార్చి వేసి చూశాడు. "ఈ వయసులో మత్తు తట్టుకోలేదండీ. ఆపరేషను వద్దు. కాని కట్టేసి మాత్రం ఉంచకండి. తెలిసిన దారిలో రోజూ తిప్పండి. దారి మరిచిపోయిందంటే మూలన పడి లేవడం మానేస్తుంది" అన్నాడు.

ఆ మాట తవిటినాయుడు గారు ఆజ్ఞలా తీసుకున్నారు. ఒక్క సాయంత్రమూ మానలేదు. చూపు తగ్గేకొద్దీ బిజిలీ మిగతా ఒళ్ళంతా కళ్ళు చేసుకుంది. ముక్కు పుటాల్లోంచి గాలి లోపలికి వెళ్ళేది, పక్కన ఉన్న చీలికల్లోంచి బయటికి వచ్చేది. ఎదురుగా ఉన్న వాసన తన ఊపిరికే చెదిరిపోకుండా ఆ ఏర్పాటు ఎవరు చేశారో! మీసాలు గోడకు తగలకముందే గోడ ఉందని తెలిసేది. ఇవన్నీ మెడ అదురులో నాకు అందేవి. గంతలు మోసిన నేను ఇంత చూపు ఎప్పుడూ చూడలేదు.

అయినా ఒక తప్పు జరుగుతూనే ఉంది. అది నాకు తెలుసు, చెప్పడానికి నోరు లేదు.

సైన్యంలో కుక్క ఎప్పుడూ మనిషికి ఎడమ పక్కనే నడుస్తుంది. కుడి చెయ్యి తుపాకికీ సెల్యూటుకీ ఖాళీగా ఉండాలి. తవిటినాయుడు గారి కుడి చేతిలో తుపాకి లేక ఎన్నో ఏళ్ళయింది. మిల్లు సందులో సెల్యూటు కొట్టాల్సిన అధికారీ ఎవరూ లేరు. అయినా నా మడత ఆయన ఎడమ చేతికే ఉండేది. దాంతో బిజిలీ చూపున్న కుడి కన్ను ఆయన పంట్లాం చూడ్డానికే ఖర్చయిపోయేది. చూపులేని ఎడమ పక్క మాత్రం సైకిళ్ళకూ గేట్లకూ మనుషులకూ బారుగా తెరిచి ఉండేది.

ఎర్నమ్మ అరుగు కూడా వెళ్ళేటప్పుడు ఎడమ పక్కనే. ఆమె రోజూ ఒక బిస్కెట్టు పెట్టేది. ఒక రోజు గాలి వెనక నుంచి వీస్తోంది. ఆమె వాసన ముందుకే పోయింది. పిలవకుండా వంగి బిజిలీ తల మీద చెయ్యి వేసింది. చీకట్లోంచి ఏదో తల మీద పడ్డట్టయింది బిజిలీకి. నేను ఒక్కసారి బిగిశాను. అది గిర్రున తిరిగి ఆ చేతిని కొరికింది.

"ఒలమ్మా! నా చేతి బిస్కట్టు తిని నన్నే కరిసీసిందే!"

రక్తం చుక్కలే వచ్చాయి. తవిటినాయుడు గారు సబ్బు పెట్టి, కుళాయి కింద ఆ గాయాన్ని చాలాసేపు కడిగారు. ఆస్పత్రికి తీసుకువెళ్ళి సూది మందు వేయించారు. బిజిలీకి ఏటా టీకా వేయిస్తూనే ఉన్నా మిగతా సూదులకూ తనే వెంట వెళ్ళారు. కాని ఆమె అల్లుడు రామునాయుడు ఊరుకోలేదు.

"మా అత్త కాబట్టి సరిపోయింది. రేపు ఏ పసిపిల్లనో పడితే? ఇంకొక్కపాలి ఎవులనైనా అందిందంటే మరి దానికి సందులో పని నేదు. పెరట్లో కట్టీసుకోండి."

"సరే" అన్నారాయన. "ఇంకొక్కసారి జరిగితే నానే కట్టీస్తాను. మాట."

నేను మేకుకు వేలాడుతూ విన్నాను. కట్టేస్తే ఏమవుతుందో డాక్టరు చెప్పిందీ విన్నాను. కట్టేయాల్సింది నాతోనే.

మర్నాడు ఆయన బిజిలీని తీసుకురాలేదు. నన్ను మాత్రం ఎడమ చేతికి చుట్టుకుని, జేబురుమాలుతో ఎడమ కన్ను కట్టుకుని సందులోకి దిగారు. తలుపు లోపల బిజిలీ మూలుగు వినిపిస్తోంది.

చేతికి కట్టుతో అరుగు మీద కూర్చున్న ఎర్నమ్మ ముక్కున వేలేసుకుంది. "ఏటి తమ్మా, కంటికేటైనాది? కుక్కకి కన్ను పోతే నువ్వూ కట్టీసుకుంతావేటి?"

"చూస్తన్నానప్పా" అన్నారాయన, అక్క వరసైన ఆమెతో.

"ఒక కన్ను మూసీసుకుని సూడ్డమేటి! మిలటరీలో ఇదే నేర్పినారా?"

అప్పటికే సందు మొదట్లో కరెంటు స్తంభానికి ఆయన ఎడమ భుజం తగిలి ఉంది. ఇప్పుడు సైకిలొకటి గంట కొట్టకుండా ఎడమ మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆయన ఉలిక్కిపడి చెయ్యి విసిరారు. విసిరిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొరకడానికీ ఆ విసురుకీ తేడా ఏమీ లేదని నాకు ఆ పిడికిట్లోనే తెలిసింది. ఆయన మెల్లగా తల తిప్పి, కనిపిస్తున్న కుడి పక్క చూశారు. అటు ఏముంది? ఏమీ లేదు. బిజిలీకైతే అది తను నడిచే వైపు. రోజూ దాని మంచి కన్నుకు ఆయన చూపించింది తన మోకాలు!

రుమాలు విప్పారు. ఆ కన్ను తడిగా ఉంది. "తప్పు దానిది కాదప్పా. నా డ్రిల్లుది" అన్నారు. ఎర్నమ్మకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఒళ్ళంతా జలదరించింది.

నన్ను కుడి చేతికి మార్చారు. చెప్పినంత తేలిక కాదది. మొదట పెరట్లోనే మొదలుపెట్టారు. బిజిలీని కుడి పక్కన నిలబెడితే అలవాటు కొద్దీ వెనక నుంచి చుట్టి ఎడమకు వచ్చేసేది. నేను ఆయన కాళ్ళకు మెలిపడిపోయేవాణ్ణి. గోడను తమ కుడికి ఉంచుకుని, మధ్యలో బిజిలీని నడిపించి, కుడి పక్క ఉన్నంతసేపూ ఉడికించిన గుడ్డు ముక్కలు పెట్టారు. కుక్క వారంలో నేర్చుకుంది. ఆయన చెయ్యే నేర్చుకోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నన్ను ఎడమకు మార్చేసేవారు. చివరికి ఎడమ చేతిలో గొడుగు పట్టుకున్నారు, ఆ చేతికి వేరే పని ఉండాలని.

తిరిగి సందులోకి దిగిన సాయంత్రం ఎర్నమ్మ పగలబడి నవ్వింది. "వాన నేదు, ఎండా నేదు, గొడుగెందుకు తమ్మా?"

"ఈ చెయ్యి మాట వినదప్పా. దానికి డ్యూటీ ఏసినాను."

నవ్వు విని రామునాయుడు గుమ్మంలోకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తవిటినాయుడు గారి అరచెయ్యి చెమటతో నన్ను తడిపేసింది. బిజిలీ చూపులేని చెంప ఆయన మోకాలిని ఆనుకుని ఉంది. ఆ పక్క నుంచి ఇక ఏదీ మీద పడదు, ఆయన ఉన్నారు కదా. ఎదురుగా మోటారు సైకిలొకటి కుడి వైపు నుంచి దూసుకొచ్చింది. బిజిలీ మసక కంటితోనే ఆ నీడను పట్టి, బెదరకుండా ఒక అడుగు ఆయన వైపు జరిగింది. నేను వదులుగా వేలాడుతూనే ఉన్నాను. ఎవరూ లాగలేదు, ఎవరూ ఆపలేదు. ఒక ముసలి కుక్క ఒక ముసలి మనిషిని తన ఎడమ కన్నుగా తగిలించుకుని నడుస్తోంది. నేను గుర్రం తల మీద చూపు మూశాను. ఈ మెడ మీద చూపు తెరుచుకోవడం చూశాను. తోలుకు ఇంతకంటే ఏం కావాలి?

మిల్లు దాకా వెళ్ళి తిరిగి వస్తుంటే ఎర్నమ్మ అరుగు ఇప్పుడు కుడి పక్కకు వచ్చింది. ఆమె చేతిలో బిస్కెట్టు ఉంది.

"వద్దప్పా" అన్నారాయన, గొంతు తగ్గించి.

"నువ్వూరుకో. దానికీ నాకూ మజ్జిన నీకేటి పని? ఎలాగ పెట్టాల సెప్పు."

"ముందు పేరు పెట్టి పిలు. పైనుంచి వద్దు. పిడికిలి మూసి కిందకి పెట్టు. అదే వస్తాది."

"బిజిలీ... నానేనే, ఎర్నమ్మని."

రామునాయుడు గుమ్మం దిగాడు. బిజిలీ ఆగింది. నా మడతలో వేళ్ళు బిగిశాయి, కాని లాగలేదు. ముక్కు ముందుకు చాపి పొగ వాసన పట్టింది, కట్టు గుడ్డ వాసన పట్టింది, తన పంటి గుర్తున్న చోట కట్టు మీదే మెల్లగా ఒక్కసారి నాకింది. పిడికిలి తెరుచుకుంది. బిస్కెట్టును పెదవులతోనే అందుకుంది.

ఎర్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని అల్లుడి వైపు తిరిగింది. "సూసినావా? నువ్వూ పిలిసి పెట్టు, ఊరికే గుడ్లురమకుండా."

రామునాయుడు "రేపు పెడతాన్లే" అని లోపలికి పోయాడు.

ఇంటికి వచ్చాక ఆయన నన్ను మేకుకు తగిలించారు. ఆ మేకు కూడా కుడి పక్కకు మారింది. బిజిలీ తెల్ల కన్నున్న పక్కను మంచం వైపు ఉంచి పడుకుంది. సగం నిద్రలో పంజాలు కదులుతున్నాయి. బండ దాటుతోందేమో. ఆయన దాని కుడి వైపు నుంచి తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్ళి, తలుపు రెక్క మీద చెయ్యి వేసి ఆగారు.

"తలుపేసేత్తన్నానే, బెదిరిపోకు" అన్నారు.

తోక నేల మీద ఒకసారి తట్టింది. అప్పుడు తలుపు చప్పుడు కాకుండా మూశారు.