నేసి చూసిన ఉద్యోగం

మోనికకు రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి చెన్నైలో పేరుమోసిన పెద్ద కంపెనీ. మంచి జీతం, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా. రెండోది ఏర్పేడులో ఆరుగురితో నడిచే స్టార్టప్. దాన్ని పెట్టిన ప్రతాప్ కాలేజీలో ఆమెకు సీనియర్. పోగు తెగితే మరమగ్గం దానంతటదే ఆగేలా ఒక కెమెరా తయారుచేయాలని అతని పంతం.

పెద్ద కంపెనీకి శుక్రవారం సాయంత్రంలోగా జవాబివ్వాలి. నగరిలో నాలుగు మరమగ్గాలు నడిపే ఆమె నాయన తులసీరాం, కూతురికి చెన్నై ఉద్యోగమని వీధంతా చాటేశాడు. ఆయనకు పేరు తెలిసిన కంపెనీ అదొక్కటే మరి!

మోనిక ప్రతాప్‌ను మొహమాటం లేకుండా అడిగింది. "కంపెనీ నడిపేదానికి చేతిలో ఎన్ని నెలలకు డబ్బుండాది?"

"పద్నాలుగు. జీతం చెన్నైలో ఇచ్చేదాంట్లో సగమే. షేర్లు నాలుగేళ్లలో వస్తాయి, ఏడాది నిండకముందే మానేస్తే ఒక్కటీ రాదు. అంతా రాసిస్తాను."

దాచకుండా చెప్పాడని ఆమెకు నచ్చింది. నచ్చితే చాలునా!

"కొత్త నూలు వస్తే ముందు ఒక చీర నేసి చూస్తాము గదా నాయనా. దీన్నీ అట్లే చూస్తా" అంది.

"సూడు. సూసినాక చెన్నైకి పో" అన్నాడు తులసీరాం.

మోనిక పిలిస్తే గురువారం ప్రతాప్ నగరికి వచ్చి, తులసీరాం షెడ్డులో ఒక మగ్గానికి కెమెరా బిగించాడు. అయ్యో రామా, పోగు తెగకుండానే మగ్గం మాటిమాటికీ ఆగిపోయింది! ల్యాబులో చక్కగా పనిచేసిన కెమెరా, షెడ్డులో ఎగిరే నూలు నూగును చూసి తెగిన పోగనుకుంటోంది.

"తప్పు మాదే. ఇట్లాంటి షెడ్డులో ఒక్కరోజు కూడా పెట్టి చూడలేదు" అన్నాడు ప్రతాప్, ముఖం చిన్నబుచ్చుకుని.

మోనిక నాయన కళ్లను గమనించింది. ఇన్నేళ్లూ ఎదురుగా ఉన్నది ఇప్పుడు తట్టింది. ఆయన దారాల వంక చూడడు, నేసి బయటికొచ్చే గుడ్డను చూస్తాడు. పోగు తెగితే అక్కడ సన్నగా గీత పడుతుంది.

"కెమెరాను గుడ్డవైపు తిప్పుదాం అన్నా. గీతను పట్టుకునేటట్టు ప్రోగ్రాం నేను మారుస్తా."

శుక్రవారం మధ్యాహ్నానికి పని అయింది. తులసీరాం తానే కత్తెరతో ఒక పోగు తెంపాడు. బెత్తెడు గుడ్డ నేసి మగ్గం ఆగింది. ఇంకో మూడుసార్లు తెంపితే మూడుసార్లూ ఆగింది. తెంపకుండా రెండు గంటలు నడిపితే ఒక్కసారీ ఆగలేదు. మోనిక గుండె పొంగిపోయింది. ఈ పని తనది!

"నాయనా, నేను ఏర్పేడుకే పోతా."

"పద్నాలుగు నెలలకు మూతపడితే?"

"నేర్చిన పని నా చేతిలోనే ఉంటాది. ఇంకోటి వెతుక్కుంటా."

మోనిక బెదురుతూనే చెన్నై కంపెనీకి మర్యాదగా రాలేనని రాసి పంపింది. అప్పుడు తులసీరాం ప్రతాప్ వైపు తిరిగాడు.

"తక్కిన మూడు మగ్గాలకు ఎప్పుడు బిగిస్తావప్పా?"

"మీకు ఊరికే బిగిస్తాం సార్. ఇంతవరకు మా దగ్గర ఎవరూ కొననే లేదు."

"ఊరికే ఎందుకబ్బా? నా బిడ్డకు జీతం యాడ నుంచి తెచ్చిస్తావు? బిల్లు రాయి. మొదటి గిరాకీ నేనే."